స్టేట్‌మెంటుకీ లెడ్జరుకీ VLOOKUP పెట్టాను, పెండింగ్ లిస్టు వచ్చింది, కానీ 17,000 తేడా ఎక్కడిదో దొరకట్లేదు

తెనాలి_పద్దులు

అందరికీ నమస్కారమండీ. హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. ట్యాలీ మా ఆడిటర్ గారి ఆఫీసులోనే ఉంటుంది. వాళ్ళు నెలాఖరుకి బ్యాంకు లెడ్జర్ ఎక్సెల్‌లో పంపుతారు, స్టేట్‌మెంట్ నేను నెట్ బ్యాంకింగ్ నుంచి దించుకుంటాను. రెండూ పోల్చి, కలవని ఎంట్రీల లిస్టు ఇవ్వడం నా పని.

సెప్టెంబర్ నెలది ఇది. ఆగస్టు 31న రెండు బ్యాలెన్సులూ సరిగ్గా సరిపోయాయి, పాత పెండింగ్ ఏమీ లేదు. సెప్టెంబర్ 30న బ్యాంకు ప్రకారం 4,08,692.30, మా పుస్తకం ప్రకారం 3,86,450.

`Bank` షీటులో A తేదీ, B వివరం, C రిఫరెన్స్, D విత్‌డ్రాయల్, E డిపాజిట్, F బ్యాలెన్స్. `Book` షీటులో A తేదీ, B పార్టీ, C చెక్కు నంబరు లేదా యూటీఆర్, D వోచర్, E డెబిట్, F క్రెడిట్. రెండిట్లోనూ G కాలమ్‌లో రెండు ఎమౌంట్ కాలమ్‌లనీ SUM చేసి ఒకే అంకె తెచ్చుకున్నాను. ఆ పక్కన ఇది పెట్టాను:

```
=VLOOKUP(G2,Book!G:G,1,0)
```

#N/A వచ్చినవి పెండింగ్ అనుకున్నాను. బ్యాంకులో ఉండి మా దగ్గర లేనివి మూడు: ఎస్సెమ్మెస్ చార్జీ 17.70, ఇంకేదో చార్జీ 590, ఒక పేమెంట్ 15,840. మా దగ్గర ఉండి బ్యాంకులో లేనివి మూడు: మేమిచ్చిన చెక్కు 68,400, 30వ తేదీన వేసిన చెక్కు 31,250, ఒక పేమెంట్ 18,540.

ఇవన్నీ సర్దితే పుస్తకం బ్యాలెన్స్ నుంచి 4,25,692.30కి వస్తున్నాను. బ్యాంకులో ఉన్నది 4,08,692.30. సరిగ్గా 17,000 తేడా. 17,000 అనే ఎంట్రీ ఏ షీటులోనూ లేదు. రేపు ఆడిటర్ గారికి పంపాలి, టెన్షన్‌గా ఉంది.

సత్తుపల్లి_శీను

అక్కా, 17,000 కోసం వెతక్కు, అందులో సగం 8,500 కోసం వెతుకు. జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు రాస్తే తేడా రెట్టింపు పడుతుంది. మా సేటు దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఇంకోటి, 18,540కి, 15,840కి మధ్య తేడా 2,700. తొమ్మిదితో పోతుంది. అంకెలు అటూ ఇటూ అయినట్టున్నాయి. ఆ రెండూ ఒకే పేమెంట్ అయి ఉంటుంది, బిల్లు చూడు.

తెనాలి_పద్దులు

శీను గారూ, రెండోది కరెక్టేనండీ. ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి నెఫ్ట్ చేసింది, బిల్లు 15,840. పుస్తకంలో 18,540 పడింది. కానీ ఆ రెండూ నేను లెక్కలో వేసేశాను కాబట్టి 17,000 అలాగే ఉంది. 8,500 ఎంట్రీ ఎక్కడా లేదు.

డాలస్_బాబు

ఇంకా VLOOKUP ఎందుకండీ, XLOOKUP వాడండి. ఎడమ వైపు కాలమ్ కూడా చూస్తుంది, దొరక్కపోతే ఏం చూపించాలో అందులోనే చెప్పొచ్చు.

```
=XLOOKUP(G2,Book!G:G,Book!B:B,"Pending")
```

తెనాలి_పద్దులు

షాపులో ఉన్నది ఎక్సెల్ 2013 అండీ. అది #NAME? అంటోంది.

పద్దుల_మాస్టారు

ఉన్నా ఉపయోగం లేదమ్మా. XLOOKUP కూడా మొదట దొరికిన వరుస దగ్గరే ఆగుతుంది. మీ కష్టం ఫార్ములా పేరులో లేదు, ఫార్ములాని మీరు అడిగిన ప్రశ్నలో ఉంది. మీరు అడిగింది "ఈ అంకె ఆ షీటులో ఎక్కడైనా ఉందా?" అని. అడగాల్సింది "ఈ ఎంట్రీకి జోడీ ఉందా?" అని. అక్కడ రెండు రకాలుగా జారిపోతాయి.

మొదటిది, మీ G కాలమ్‌లో జమకీ ఖర్చుకీ తేడా లేదు. బ్యాంకులో ఒక మొత్తం బయటికి వెళ్ళినా, అదే మొత్తం మన పుస్తకంలో లోపలికి వచ్చినట్టు ఉంటే చాలు, VLOOKUP దొరికిందని చెప్పేస్తుంది. రెండోది, ఒకే అంకె బ్యాంకులో మూడుసార్లు ఉండి, మన పుస్తకంలో రెండుసార్లే ఉన్నా, మూడు వరుసలకీ దొరికిందనే అంటుంది.

శీను చెప్పిన సగం సూత్రం మంచిదే. కాకపోతే అది తేడా ఒకే ఎంట్రీ వల్ల వచ్చినప్పుడు పనికొస్తుంది. ఇక్కడ ఒకటి ప్లస్సూ ఒకటి మైనస్సూ కలిసి 17,000 అయి ఉంటాయని నా అనుమానం. అందుకే ఆ అంకె ఎక్కడా కనపడట్లేదు.

ముందు G కాలమ్‌ని గుర్తుతో సహా రాయండి. బ్యాంకు స్టేట్‌మెంటులో డిపాజిట్ అంటే మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకి డెబిట్. అది రెండు చోట్లా ప్లస్ కావాలి. `Bank`లో మొదటిది, `Book`లో రెండోది:

```
=ROUND(E2-D2,2)
=ROUND(E2-F2,2)
```

ROUND ఊరికే పెట్టలేదు. పైసలున్న అంకెల్ని కూడి తీసేసినప్పుడు కంటికి కనపడని దశాంశం మిగిలి, రెండు వైపులా ఒకేలా కనిపించే 17.70లు కలవకుండా పోవచ్చు.

గుంటూరు_ట్యాక్స్

జీఎస్టీ 2బీ మ్యాచింగే కదా? దానికి పార్టీ జీఎస్టీ నంబరూ ఇన్‌వాయిస్ నంబరూ కలిపి కీ చేసుకోండి, అయిపోతుంది.

సత్తుపల్లి_శీను

అన్నా, ఇది బ్యాంకుది. పైన చదువు.

తెనాలి_పద్దులు

మాస్టారూ, `Book`లో బాగానే వచ్చింది. `Bank`లో మాత్రం అన్ని వరుసల్లోనూ #VALUE! వస్తోంది. ఇందాక SUM పెట్టినప్పుడు ఇలా రాలేదు. ఖాళీగా ఉన్న సెల్ మీద క్లిక్ చేస్తే పైన ఫార్ములా బార్‌లో కూడా ఏమీ కనపడట్లేదు.

పద్దుల_మాస్టారు

ఖాళీగా కనిపించినా ఖాళీ కాదు. పక్కన ఎక్కడైనా `=LEN(D2)` కొట్టి చూడండి. నిజంగా ఖాళీ అయితే 0 రావాలి.

తెనాలి_పద్దులు

1 వచ్చింది.

పద్దుల_మాస్టారు

అందులో స్పేస్ ఉంది. బ్యాంకు సైటు నుంచి దించుకున్న ఫైళ్ళలో ఇది మామూలే. కొన్నిసార్లు మామూలు స్పేస్ ఉంటుంది, కొన్నిసార్లు TRIM చేసినా పోని CHAR(160) ఉంటుంది. SUM అక్షరాల్ని పట్టించుకోదు కాబట్టి ఇందాక తెలియలేదు. మైనస్ గుర్తు మాత్రం అక్షరం కనిపిస్తే ఒప్పుకోదు. ఇలా మార్చండి:

```
=ROUND(SUM(E2)-SUM(D2),2)
```

ఇందులో ఒక ప్రమాదం ఉంది. "25,000.00" అనేది ఏ వరుసలోనైనా అంకెగా కాకుండా అక్షరంగా ఉంటే, SUM దాన్ని సున్నా అనుకుని నోరు మూసుకుంటుంది. అందుకని కాలమ్ కింద మొత్తం కూడండి. `Bank`లో G మొత్తం, ఆఖరి బ్యాలెన్సులోంచి మొదటి బ్యాలెన్స్ తీసేసినంత ఉండాలి. పుస్తకంలోనూ అంతే. పైసాతో సహా సరిపోయిందాకా జోడీల జోలికి వెళ్ళొద్దు. సరిపోకపోతే ఎడమవైపుకి అంటుకుని ఉన్న అంకెల కోసం చూడండి, అవే అక్షరాలు.

తెనాలి_పద్దులు

రెండు షీట్లలోనూ మొత్తం సరిపోయింది మాస్టారూ. అదే VLOOKUP మళ్ళీ లాగితే బ్యాంకు వైపు కొత్తగా ఒకటి పడింది, 20వ తేదీన -42,000. ఒక కస్టమర్ చెక్కు 18న వేశాం, 20న వెనక్కి పోయింది. పుస్తకంలో 42,000 జమ మాత్రమే ఉంది. జమ 42,000 ఉంది కదా అని ఇందాక ఖర్చు 42,000కి కూడా దొరికిందని చెప్పిందన్నమాట!

ఇప్పుడు లెక్క 3,83,692.30కి దిగింది. అంటే బ్యాంకు కన్నా 25,000 తక్కువ.

సత్తుపల్లి_శీను

590 చార్జీ కూడా 20వ తేదీదేనా? 500 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 590. చెక్కు రిటర్న్ చార్జీ అయి ఉంటది.

తెనాలి_పద్దులు

అవునండీ, అదే రోజు, కింది వరుసే.

పద్దుల_మాస్టారు

పెండింగ్ లిస్టులో ఇలాంటి చార్జీ కనపడగానే దాని పైనా కిందా ఉన్న వరుసలు చదవాలి. బౌన్స్ చార్జీ ఉండి, బౌన్స్ అయిన చెక్కు మాత్రం లిస్టులో లేదంటే ఫార్ములా దాన్ని ఎక్కడో మింగేసిందని అర్థం.

ఇక 25,000. మీ స్టేట్‌మెంటులో 25,000 జమలు ఎన్ని, పుస్తకంలో ఎన్ని?

తెనాలి_పద్దులు

స్టేట్‌మెంటులో మూడు: 5, 12, 24 తేదీలు. పుస్తకంలో రెండు: 5, 24. మా కస్టమర్లు రౌండ్ ఫిగర్లే వేస్తారండీ, ఎవరిది ఏదో తెలియదు.

పద్దుల_మాస్టారు

అదీ సంగతి. 25,000 పుస్తకంలో ఉన్నదే కనుక మూడింటికీ దొరికిందంది. 42,000 తగ్గి 25,000 పెరిగితే మిగిలేది మీ 17,000.

ఇప్పుడు ప్రతి అంకెకీ వరుస నంబరు తగిలిద్దాం. మొదటి 25,000కి 1, రెండోదానికి 2, మూడోదానికి 3. రెండు షీట్లనీ తేదీ ప్రకారం సార్ట్ చేసి, H2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=TEXT(G2,"0.00")&"|"&COUNTIF(G$2:G2,G2)
```

`G$2:G2`లో మొదటి 2కి మాత్రమే డాలర్ గుర్తు ఉండాలి. అప్పుడే కిందికి లాగేకొద్దీ పరిధి పెరుగుతూ "ఇప్పటిదాకా ఎన్నోసారి" అని లెక్కపెడుతుంది. రెండిటికీ డాలర్ పెడితే పరిధి G2 దగ్గరే ఆగిపోయి మూడు 25,000లకీ ఒకే అంకె పడుతుంది, మళ్ళీ మొదటికొస్తాం.

తర్వాత `Bank` I2లో ఇది పెట్టండి. `Book`లో ఇదే, షీటు పేరు మాత్రం `Bank` అని మార్చాలి:

```
=IFERROR(MATCH(H2,Book!H:H,0),"Pending")
```

జోడీ దొరికితే అవతలి షీటులో వరుస నంబరు చూపిస్తుంది, లేకపోతే Pending అంటుంది. దొరికిందో లేదో చెప్పడం కన్నా ఎవరితో దొరికిందో చెప్పడం మేలు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

తెనాలి_పద్దులు

వచ్చేసింది మాస్టారూ!! బ్యాంకు వైపు ఐదు పెండింగ్: -17.70, -590, -15,840, -42,000, +25,000. పుస్తకం వైపు మూడు: -68,400, +31,250, -18,540. తేడా సున్నా. 24వ తేదీ 25,000 ఎవరు వేశారో కనుక్కుని లిస్టు పంపేస్తాను. చాలా థాంక్సండీ.

పద్దుల_మాస్టారు

ఆగండి, పంపకండి. 24వ తేదీది మీ పుస్తకంలో ఉంది కదమ్మా. లేనిది 12వ తేదీది.

ఏం జరిగిందో చూడండి. బ్యాంకులో 5వ తేదీ 25,000కి 1, 12వ తేదీకి 2, 24వ తేదీకి 3 పడ్డాయి. పుస్తకంలో 5కి 1, 24కి 2. కాబట్టి బ్యాంకు 12వ తేదీది పోయి పుస్తకం 24వ తేదీదానితో జత కట్టింది, అసలు 24వ తేదీది ఒంటరిగా మిగిలింది. మొత్తం సరిపోతుంది, పేరు మాత్రం తప్పు. అలాగే పంపితే వాళ్ళు 24న డబ్బు వేసిన పార్టీకి ఇంకో 25,000 జమ రాస్తారు. నిజంగా 12న వేసినవాడికి మీరు ఫోన్ చేసి బాకీ అడుగుతారు, వాడు అరుస్తాడు.

I కాలమ్‌లో వరుస నంబరు పెట్టమన్నది ఇందుకే. J2లో తేదీల తేడా చూడండి:

```
=IF(I2="Pending","",A2-INDEX(Book!A:A,I2))
```

తెనాలి_పద్దులు

12వ తేదీ వరుసలో -12 వచ్చింది. మిగతావి ఎక్కువగా 0, 1. చెక్కులకి 2, 3, ఒకటి 6.

పద్దుల_మాస్టారు

మైనస్ అంటే మనం రాయకముందే బ్యాంకులో పడిందని. కస్టమర్ నేరుగా వేసి, మనం ఆలస్యంగా రాసుకుంటే మైనస్ ఒకటో రెండో రావచ్చు. పన్నెండు రోజులంటే నమ్మొద్దు. చెక్కులకి ప్లస్ వైపు ఎంతైనా రావచ్చు. మనమిచ్చిన చెక్కుని పార్టీ జేబులో పెట్టుకుని తిరిగితే బ్యాంకు ఏం చేస్తుంది?

హనుమకొండ_ఆర్టికల్

నాకు ఒక డౌట్. ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు, తేదీని కూడా కీలో కలిపేస్తే అయిపోతది కదా? నేను మా ఫర్మ్‌లో గట్లనే చేస్త.

```
=TEXT(A2,"yyyymmdd")&"|"&TEXT(G2,"0.00")
```

పద్దుల_మాస్టారు

అన్నీ నెఫ్ట్, యూపీఐ అయితే, పుస్తకం ఏ రోజుకారోజు రాస్తే, బాగానే పనిచేస్తుంది తమ్ముడూ. చెక్కులున్న ఖాతాలో వేసి చూడు. 10న ఇచ్చిన చెక్కు 13న పాసైతే రెండు వైపులా పెండింగ్ పడుతుంది. ఐదు ఉండాల్సిన లిస్టు యాభై అవుతుంది. పైగా ఒకే రోజు ఒకే మొత్తం రెండుసార్లు వస్తే మళ్ళీ మొదటి సమస్యే, అక్కడా COUNTIFS తగిలించాల్సిందే.

హనుమకొండ_ఆర్టికల్

మా క్లయింట్లకి చెక్కులు దాదాపు లేవు సార్, అందుకే నాకు తగల్లేదేమో. కానీ ముందు తేదీతో కలిపి చూసి, మిగిలినవాటికి తేదీ లేకుండా చూస్తే? రెండు రౌండ్లు.

పద్దుల_మాస్టారు

అది మంచి పద్ధతే. నేనైతే మొదటి రౌండుకి తేదీ బదులు యూటీఆర్ తీసుకుంటాను. తేదీ, మొత్తం రెండూ యాదృచ్ఛికంగా కలవచ్చు, యూటీఆర్ కలవదు.

మీ `Book` C కాలమ్‌లో కొన్నిటికి యూటీఆర్ ఉందన్నారు. నెఫ్ట్‌ది 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌ది 22, యూపీఐ రిఫరెన్స్ 12 అంకెలు. బ్యాంకు వివరంలో ఆ నంబరు పేర్ల మధ్య ఎక్కడో ఇరికి ఉంటుంది. ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా రాస్తుంది కాబట్టి MID పెట్టి కోసి తీయడం కన్నా, మన దగ్గరున్న నంబరు ఆ వివరంలో ఉందా అని వెతకడం సులువు. `Book` K2లో:

```
=IF(LEN(C2)<12,"",IFERROR(MATCH("*"&C2&"*",Bank!B:B,0),""))
```

ఆ LEN షరతు తీసేయకండి. C2 ఖాళీగా ఉంటే వెతికేది రెండు నక్షత్రాలు మాత్రమే అవుతుంది, అది అక్షరాలున్న ప్రతి సెల్‌తోనూ కలుస్తుంది. యూటీఆర్ లేని ఎంట్రీలన్నీ మొదటి వరుసకి, అంటే హెడింగుకి, జోడీ అయిపోతాయి. ఆరంకెల చెక్కు నంబరు కూడా పెద్ద యూటీఆర్ మధ్యలో ఎక్కడో తగలొచ్చు. అందుకే పన్నెండు కన్నా చిన్నవాటిని వదిలేశాం.

`Bank` K2లో, ఈ వరుసని ఎవరైనా పట్టుకున్నారా అని:

```
=IF(COUNTIF(Book!K:K,ROW())>0,ROW(),"")
```

ఇప్పుడు రెండు షీట్లలోనూ H2 మార్చండి. యూటీఆర్‌తో కలిసినవాటికి వరుస నంబరే కీ. మిగతావాటికి పాత పద్ధతి, కానీ లెక్కపెట్టేది మిగిలినవాటిలోనే:

```
=IF(K2<>"","R"&K2,TEXT(G2,"0.00")&"|"&COUNTIFS(G$2:G2,G2,K$2:K2,""))
```

I, J కాలమ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

తెనాలి_పద్దులు

5వ తేదీదీ, 24వ తేదీదీ రెండిటికీ యూటీఆర్ ఉంది మాస్టారూ, రెండూ కలిశాయి. ఇప్పుడు 12వ తేదీ 25,000 పెండింగులో పడింది. తేడా ఇంకా సున్నాయే. J కాలమ్‌లో కూడా -12 పోయింది.

డాలస్_బాబు

ఒక ప్రశ్న. యూటీఆర్ కలిసి, మొత్తం కలవకపోతే? ట్రాన్స్‌పోర్టు పేమెంట్ లాంటిది. దానికి యూటీఆర్ రాసి ఉంటే 18,540, 15,840 రెండూ కలిసిపోయినట్టు చూపించేది కదా.

పద్దుల_మాస్టారు

మంచి ప్రశ్న బాబూ. అవును, పెండింగ్ లిస్టు నుంచి రెండూ మాయమయ్యేవి, 2,700 తేడా మిగిలేది. అందుకని ఇంకో కాలమ్ పెట్టి, జత అయిన వరుసల మొత్తాలు తీసేసి చూడాలి:

```
=IF(I2="Pending","",G2-INDEX(Book!G:G,I2))
```

సున్నా కానిది ఏదైనా అంకె తప్పు రాసిన ఎంట్రీ. నిజానికి ఇది పెండింగ్ లిస్టు కన్నా మంచి కబురు, తప్పు ఏ వోచర్లో ఉందో వేలు పెట్టి చూపిస్తుంది.

ఒకే యూటీఆర్ పుస్తకంలో రెండుసార్లు పోస్ట్ చేసినా ఇలాగే రెండూ కలిసినట్టే కనిపిస్తాయి. `Book` K కాలమ్‌లో డూప్లికేట్లకి రంగు వేసుకుంటే దొరుకుతాయి.

ఇవన్నీ చేశాక ఆఖరి తనిఖీ ఒకటే. ఇది సున్నా రాకుండా ఏ లిస్టూ పంపకండి:

```
=ROUND(386450-SUMIFS(Book!G:G,Book!I:I,"Pending")+SUMIFS(Bank!G:G,Bank!I:I,"Pending")-408692.3,2)
```

సత్తుపల్లి_శీను

మాస్టారూ, సున్నా వచ్చినా తప్పు ఉండొచ్చని ఇందాక 25,000తో మీరే చూపించారు కదా.

పద్దుల_మాస్టారు

ఉండొచ్చు. సున్నా రాకపోతే తప్పు ఉన్నట్టే. వస్తే మాత్రం J కాలమ్ చదవాలి. ఆ చదవడం ఫార్ములా చేసిపెట్టదు.

హనుమకొండ_ఆర్టికల్

J కాలమ్‌లో నాకు ఒక క్లయింట్ ఫైలులో -180, 60 గట్ల వచ్చినయి. కొన్ని వరుసల్లో #VALUE!. ఏంది ఇది?

పద్దుల_మాస్టారు

ఆ కంప్యూటర్లో తేదీ పద్ధతి అమెరికాది ఉండి ఉంటుంది. 03/09 అంటే మనకి సెప్టెంబర్ 3. దానికి మార్చి 9, అందుకే దాదాపు ఆరు నెలల తేడా. 13/09 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోక అక్షరంగా వదిలేసింది, అక్కడ #VALUE!. నెలలో మొదటి పన్నెండు రోజులు కుడివైపుకి, మిగతావి ఎడమవైపుకి అంటుకుని ఉన్నాయా చూడు. ఉంటే ఇదే.

Text to Columns పెట్టి DMY అంటే అక్షరాలుగా ఉన్నవి బాగుపడతాయి. కానీ ఇప్పటికే మార్చి 9 అయిపోయినవి అలాగే ఉంటాయి. ఆ ఫైలుని బాగుచేయొద్దు. విండోస్ రీజియన్ ఇండియాకి మార్చి, స్టేట్‌మెంట్ మళ్ళీ దించి తెరువు.

డాలస్_బాబు

కొత్త ఎక్సెల్ ఉన్నవాళ్ళ కోసం: పెండింగ్ లిస్టుని ఫిల్టర్ చేసి కాపీ కొట్టక్కర్లేదు. మూడో షీటులో ఇది పెడితే తనంతట తనే వస్తుంది. 2021లోనూ 365లోనూ ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ ఉంది, అక్కడ మాత్రం చివరి "None" తీసేసి రాయాలి.

```
=FILTER(Bank!A2:G500,Bank!I2:I500="Pending","None")
```

తెనాలి గారు గూగుల్ షీట్స్‌లో పెట్టుకుంటే సరిపోతుంది కదా?

తెనాలి_పద్దులు

మా ఓనర్ గారు బ్యాంకు స్టేట్‌మెంట్ షాపు కంప్యూటర్ దాటనివ్వరండీ. ఆటోఫిల్టర్‌లో Pending టిక్ పెట్టి కాపీ చేసుకుంటున్నాను, ఎనిమిది వరుసలే కదా.

మందుల_కొట్టు_రమ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది మెడికల్ షాపు. కౌంటర్లో క్యూఆర్ కోడ్ మీద రోజుకి వందకి పైగా పేమెంట్లు వస్తాయి. బ్యాంకులో మాత్రం మర్నాడు ఒకే మొత్తంగా పడుతుంది. కార్డు మెషీన్‌ది కూడా అంతే, దానిలో వాళ్ళ చార్జీ కోసుకుని వేస్తారు. పైన చెప్పిన కీ పెడితే మొత్తం షీటంతా పెండింగే. దీనికేం చేయాలి?

పద్దుల_మాస్టారు

మీకు ఒకటికి ఒకటి జోడీ లేదమ్మా, వందకి ఒకటి. లుకప్ అలాంటివి కలపలేదు. ముందు మీ వైపు రోజు మొత్తం చేసుకోండి. బిల్లుల షీటులో A తేదీ, C విధానం, G మొత్తం అనుకుంటే, A2లో ఉన్న రోజుకి:

```
=SUMIFS(Bills!G:G,Bills!A:A,A2,Bills!C:C,"QR")
```

ఆ మొత్తాన్ని బ్యాంకులో మర్నాటి జమతో పోల్చాలి. కార్డుకి మాత్రం బ్యాంకు జమతో పోల్చి లాభం లేదు. మెషీన్ కంపెనీ ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టులో అమ్మకం, చార్జీ, వేసిన నికరం విడివిడిగా ఉంటాయి. బిల్లుల మొత్తాన్ని అమ్మకంతోనూ, బ్యాంకు జమని నికరంతోనూ విడిగా కలపాలి.

మందుల_కొట్టు_రమ

క్యూఆర్‌ది చేసి చూశానండీ. చాలా రోజులు కలుస్తోంది. కొన్ని రోజులు మాత్రం ఈ రోజు తక్కువ, రేపు అంతే ఎక్కువ. రాత్రి పదకొండు దాకా షాపు తెరిచి ఉంటుంది. ఆదివారాలు కూడా గందరగోళంగా ఉంది.

పద్దుల_మాస్టారు

వాళ్ళ రోజు ఏ గంటకి ముగుస్తుందో కనుక్కోవాలి, అది అర్ధరాత్రే కానక్కర్లేదు. మీ బిల్లుల్లో టైము ఉంటే ఆ గంట ప్రకారం రోజుని కోయండి. టైము లేకపోతే ఆ రెండు రోజుల్నీ కలిపి చూడటం తప్ప నాకు ఇంకో దారి తెలియదు. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి.

తెనాలి_పద్దులు

లిస్టు పంపేశానండీ. 42,000 రివర్స్ ఎంట్రీ, 590, 17.70, ట్రాన్స్‌పోర్టు సవరణ వాళ్ళు వేస్తామన్నారు. 12వ తేదీ 25,000 మాత్రం తేలలేదు. బ్యాంకు వివరంలో పేరు సగంలో తెగిపోయింది, ఆ మొదటి అక్షరాలతో మాకు ఇద్దరు కస్టమర్లున్నారు. ఓనర్ గారు ఒకరి ఖాతాలో వేసేయమంటున్నారు.

పద్దుల_మాస్టారు

వేయకండి. తేలిందాకా సస్పెన్స్ ఖాతాలో పెట్టించి, ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ లెడ్జర్ పంపండి. వేసినవాడు తన 25,000 కనపడట్లేదని తనే ఫోన్ చేస్తాడు, అప్పుడు యూటీఆర్ అడిగి తీసుకోండి. అక్టోబర్ షీటు మొదలుపెట్టేటప్పుడు 68,400, 31,250 చెక్కుల్ని `Book` షీటు పైన మొదటి వరుసలుగా పెట్టుకోండి. లేకపోతే అవి వచ్చే నెల బ్యాంకు వైపు జోడీ లేకుండా పడతాయి. అక్టోబర్లో మొత్తం తనిఖీ చేసేటప్పుడు ఆ రెండు వరుసల్నీ వదిలి కూడండి.

సత్తుపల్లి_శీను

68,400 చెక్కు తేదీ ఎప్పటిది అక్కా? చెక్కుకి మూడు నెలలే గడువు. డిసెంబర్ దాకా పెండింగులోనే ఉంటే పార్టీకి ఫోన్ చెయ్యి.

తెనాలి_పద్దులు

సెప్టెంబర్ 26దండీ. రాసి పెట్టుకుంటాను.